నిరోధక రకం టమాట వేసినా వేర్లకు మళ్ళీ బుడిపెలు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: మూడేళ్ళుగా ఒకే మడిలో టమాట వేస్తున్నాను. నులిపురుగులు పట్టవని ప్యాకెట్ మీద రాసిన హైబ్రిడ్ వేస్తే మొదటి రెండు పంటలు బాగున్నాయి. మూడో పంటలో మొక్కలు మధ్యాహ్నం వాడిపోతుంటే పీకి చూశాను, వేర్ల నిండా బుడిపెలు. మధ్యలో ఒకసారి బెండ కూడా వేశాను. రకం మార్చాలా, పంట మార్చాలా? వేరుశనగ వేస్తే పోతాయంటున్నారు, నిజమేనా?

జవాబు:

పంట మార్చాలండీ. రకం మార్చినందువల్ల మాత్రం ఫలితం ఉండకపోవచ్చు, ఎందుకంటే మార్కెట్లో దొరికే నిరోధక టమాటాల్లో దాదాపు అన్నింటిలోనూ ఉన్నది ఒకే జన్యువు. పేరు మారుతుంది, లోపలి రక్షణ మారదు. వేరుశనగ చాలా నేలల్లో మంచి మార్పిడి పంటే, కానీ మీ మడిలో ఉన్న పురుగు జాతిని బట్టి అది పురుగును ఎండగట్టనూవచ్చు, పెంచనూవచ్చు. మీ మడిలో ఏది జరుగుతుందో తెలుసుకోవడానికి కొన్ని కుండీలు, నెలన్నర ఓపిక చాలు. ఆ పద్ధతి కింద వివరంగా రాస్తాను. ముందు వేరులో ఏం జరుగుతుందో చెప్పాలి, లేకపోతే తర్వాతి సలహాలు ఎందుకు ఇస్తున్నానో అర్థం కాదు.

మీరు చూసిన బుడిపెలను చేసేది వేరుబుడిపె నులిపురుగు. శాస్త్రీయంగా దీని ప్రజాతి మెలాయిడోగైన్. గుడ్డు నుంచి బయటకు వచ్చే పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనబడదు. అది నేలలో తేమ పొరల్లో పాకుతూ లేత వేరు కొసను వెతుక్కుంటుంది. కొసకు కాస్త వెనక భాగంలో లోపలికి దూరి, కణాల సందుల్లోంచి నడిచి, నీటినీ ఆహారాన్నీ మోసే నాళాల దగ్గరకు చేరుతుంది. అక్కడ కొన్ని కణాలను ఎంచుకుని, నోటిలోని సన్నని సూదితో తన స్రావాలను ఎక్కిస్తుంది. ఆ కణాలు విడిపోవడం మానేస్తాయి, కానీ వాటి కేంద్రకాలు మాత్రం విభజన చెందుతూనే ఉంటాయి. చివరికి ఒక్కో కణంలో ఎన్నో కేంద్రకాలు చేరి, మామూలు కణం కంటే ఎన్నో రెట్లు ఉబ్బిపోతుంది. పురుగు ఇక ఆ చోటు వదలదు. మొక్క తయారుచేసుకున్న ఆహారం ఆ కణాల్లోకి వస్తుంటే, పురుగు కూర్చున్నచోటనే తాగుతుంది. చుట్టుపక్కల కణాలు కూడా ఉబ్బి, విభజన చెందడంతో బయటకు బుడిపెగా కనిపిస్తుంది.

కాబట్టి నష్టం బుడిపె వల్ల కాదు, బుడిపె లోపల నాళాల వరుస చెదిరిపోవడం వల్ల. నేలలో తడి ఉన్నా మధ్యాహ్నం మొక్క వాడటం, సాయంత్రానికి తేరుకోవడం, ఎరువు వేసినా ఆకు పచ్చబడకపోవడం, ఇవన్నీ దాని ఫలితాలే. నేలలో ఫ్యుజేరియం ఎండు తెగులు గానీ బాక్టీరియా ఎండు తెగులు గానీ ఉంటే, నులిపురుగు సోకిన వేరు వాటికి కూడా లొంగిపోతుంది. మొక్క సాయంత్రానికి తేరుకోకుండా వాడినది వాడినట్టే చచ్చిపోతుంటే, వేరుతోపాటు కాండం కూడా కోసి లోపల గోధుమరంగు చారలు ఉన్నాయేమో చూడండి.

ఒక వేరును నెమ్మదిగా తవ్వి తీసి, నీళ్ళలో ముంచి మట్టి వదిలించండి. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద బుడిపెను బ్లేడుతో నిలువునా చీలిస్తే, లోపల గుండుసూది తల కంటే చిన్నగా, తెల్లగా ముత్యంలా మెరిసే పియర్ కాయ ఆకారం కనిపిస్తుంది. అదే ఆడపురుగు. బుడిపె పైభాగాన లేత గోధుమరంగు జిగురు చుక్క అతుక్కుని ఉంటే అది గుడ్ల ముద్ద. ఒక్క ముద్దలో మూడు నుంచి ఐదు వందల గుడ్లు మామూలే, అంతకన్నా ఎక్కువ కూడా ఉండవచ్చు. నేల వెచ్చగా, 27 డిగ్రీల దగ్గర ఉంటే గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు దాకా నెల కంటే తక్కువే పడుతుంది. నాలుగు నెలల టమాట పంటలో మూడు, నాలుగు తరాలు గడిచిపోతాయి. పైగా టమాటను ఎక్కువగా పట్టే జాతుల్లో ఆడపురుగుకు మగపురుగుతో పనిలేదు. ఒక్క పిల్లపురుగు మిగిలినా సరిపోతుంది.

ఇందుకే నేను ఏ పంటనైనా అది ఎంత దిగుబడి ఇచ్చిందని కాక, పోతూ పోతూ నేలలో ఎన్ని పురుగులను వదిలిందని చూస్తాను. మీ మూడేళ్ళ చరిత్ర ఈ లెక్కలో చూస్తే వేరుగా కనిపిస్తుంది. బెండ ఈ పురుగుకు టమాట కన్నా తీసిపోని ఆతిథ్యం ఇస్తుంది. కాయలు బాగానే కాసి ఉండవచ్చు, కానీ నేలలో పురుగు సంఖ్యను అది పెంచేసి వెళ్ళి ఉంటుంది. టమాటకు బదులు బెండ, వంగ, దోస, కాకర, బీర ఏది వేసినా పంట పేరు మారుతుందే తప్ప పురుగుకు తిండి కరువు కాదు.

ఊహాలెక్క ఒకటి చూడండి. ఒక కొలత మట్టిలో 1000 పురుగులు ఉన్నాయనుకుందాం. పురుగుకు తిండిపెట్టని పంట వేస్తే ఒక సీజనులో ఐదో వంతు మిగిలాయనుకుంటే 200. రెండో సీజను కూడా అలాంటి పంటే వేస్తే 40. ఆ తర్వాత పనిచేస్తున్న నిరోధక టమాట వేస్తే అది పెంచదు, 20కి దింపవచ్చు. ఇప్పుడు మామూలు టమాట లేదా బెండ వేశారనుకోండి. తక్కువ సంఖ్యతో మొదలైనప్పుడు వేర్లు ఖాళీగా, ఆరోగ్యంగా ఉంటాయి కాబట్టి పెరుగుదల ఉధృతంగా ఉంటుంది. ముప్పై రెట్లు పెరిగితే 600. మూడు సీజన్ల శ్రమ ఒక్క పంటలో పోయింది. ఈ అంకెలు నేలను బట్టి మారతాయి, కానీ నడక ఇదే: దిగడం నెమ్మది, ఎక్కడం వేగం.

ఇక నిరోధక రకం సంగతి. టమాటలో వాడుతున్న జన్యువు పేరు ఎంఐ-1. సొలానం పెరూవియానం అనే అడవి టమాట నుంచి 1940లలో సంకరం ద్వారా సాగు టమాటలోకి తెచ్చారు. ఆ రెండు జాతులు మామూలుగా కలవవు, సంకరం చేసిన కాయలో పిండం బతకదు. పిండాన్ని వేరుచేసి పోషక మాధ్యమంలో పెంచి మొక్కను సాధించారు. ఆ తొలి సంకరం నుంచే ఈనాటి నిరోధక రకాలు దాదాపు అన్నీ వచ్చాయి.

ఈ జన్యువున్న మొక్కలోకి కూడా పిల్లపురుగు దూరుతుంది. నాళాల దగ్గరకు చేరి సూది గుచ్చగానే, అక్కడి కణాలు కొద్ది గంటల్లోనే తమంతట తాము చచ్చిపోతాయి. పురుగుకు తినడానికి బతికున్న కణం దొరకదు, ఆకలితో చస్తుంది లేదా బయటకు వెళ్ళిపోతుంది. అంటే నిరోధక మొక్క కూడా కొంత దెబ్బ తింటుంది. పురుగు మరీ ఎక్కువగా ఉన్న నేలలో నిరోధక రకం నాటినా మొదట్లో మొక్క గిడసబారడం ఇందువల్లనే. నేలలో పురుగును ముందు వేరే పంటతో తగ్గించి, ఆ తర్వాత నిరోధక రకం వేయమని చెప్పేది అందుకే.

మీ మొక్కలకు బుడిపెలు రావడానికి ప్రధానంగా మూడు కారణాల్లో ఒకటి ఉండాలి.

మొదటిది నేల వేడి. ఈ జన్యువు నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటితే బలహీనపడుతుంది. గాలి ఉష్ణోగ్రత కాదు, వేర్లున్న లోతులోని మట్టి ఉష్ణోగ్రత లెక్క. నాటిన తొలి వారాలు మరీ ప్రమాదం, అప్పటికి ఆకుల నీడ నేలను కప్పదు.

రెండోది, ఆ జన్యువు ఆపలేని జాతి. ఎంఐ-1 ఇన్‌కాగ్నిటా, జావానికా, అరెనేరియా అనే మూడు జాతులను ఆపుతుంది. చలి ప్రాంతాల్లో కనిపించే హాప్లాను ఆపలేదు. ఎంటెరోలోబియై అనే ఉధృతమైన జాతిని కూడా ఆపలేదు.

మూడోది, ఆ జన్యువుకు అలవాటుపడ్డ పురుగులు. ఒకే మడిలో మళ్ళీ మళ్ళీ అదే జన్యువున్న టమాట వేస్తే, దాన్ని దాటగల కొద్దిపాటి పురుగులే గుడ్లు పెట్టగలుగుతాయి. కొన్ని పంటలయ్యేసరికి నేలలో మిగిలేది వాటి సంతానమే. మీరు వరుసగా వేశారు కాబట్టి ఇది కొట్టిపారేయలేని కారణం.

అంటు మొక్కలు నాటినవారికి మరో సంగతి. నిరోధక వేరుమొక్క మీద మామూలు టమాట అంటు కట్టినప్పుడు, అంటు చోటు మట్టిలో కూరుకుపోతే పై మొక్కే సొంత వేర్లు వేస్తుంది. బుడిపెలు ఆ వేర్లకు వస్తాయి. పీకినప్పుడు బుడిపెలు ఏ వేర్లకు ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది.

పైన చెప్పిన మూడు కారణాల్లో మొదటిదాన్ని మిగతా రెండింటి నుంచి విడదీయడానికే కుండీ పరీక్ష. పాడైన మొక్కల చుట్టూ 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతు మట్టిని, మడిలో పది పదిహేను చోట్ల నుంచి తీయండి. అన్నీ కలిపి వెంటనే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. ఎండలో ఉంచవద్దు, ఆరనివ్వవద్దు, ఆరితే పురుగులు చచ్చి పరీక్ష వృథా అవుతుంది. కడిగిన కుండీల్లో లీటరు, లీటరున్నర మట్టి చొప్పున నింపండి. మట్టి బరువైనదైతే ఉడికించి చల్లార్చిన ఇసుక కొంత కలపవచ్చు. రెండు కుండీల్లో ఏ నిరోధకతా లేని పాత టమాట రకం, రెండింటిలో మీరు వేసిన హైబ్రిడ్ కొత్త ప్యాకెట్ విత్తనం, రెండింటిలో వేరుశనగ, ఇంకా మీరు మార్పిడికి అనుకుంటున్న పంట ఏదైనా ఉంటే దానికి రెండు. నారు తెచ్చి నాటవద్దు, విత్తనమే వేయండి. నారుతోపాటు పురుగు వస్తే లెక్క తప్పుతుంది. కుండీలను నీడ పట్టున, మట్టి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండేలా ఉంచండి. ఆ వేడి దాటనివ్వకపోవడమే ఈ పరీక్షకు ప్రాణం. వంటింటి థర్మామీటరు అయినా సరే, మట్టిలో గుచ్చి మధ్యాహ్నం చూస్తుండండి.

నెలన్నర తర్వాత కుండీని నీళ్ళ తొట్టిలో ముంచి, వేరు తెగకుండా మట్టి వదిలించి చూడండి. ఫలితం చదివే తీరు ఇది. పాత రకానికి బుడిపెలు వచ్చి, మీ హైబ్రిడ్ శుభ్రంగా ఉంటే జన్యువు పనిచేస్తోందన్నమాట. మీ మడిలో దాన్ని ఓడించింది వేడి. రెండింటికీ బుడిపెలు వస్తే కారణం రెండోది లేదా మూడోది. ఇక్కడ ఒక జాగ్రత్త: నిరోధక మొక్కకు అక్కడక్కడ చిన్న బుడిపె రావడం వైఫల్యం కాదు. భూతద్దంతో గుడ్ల ముద్ద ఉందా లేదా చూడాలి. బుడిపె ఉండి గుడ్లు లేకపోతే పురుగు లోపలికి వెళ్ళింది గానీ సంతానాన్ని వదల్లేదు. పాత రకానికి కూడా బుడిపెలు రాకపోతే మట్టి ఆరిపోయిందనో, నమూనా సరిగా తీయలేదనో అనుకుని మళ్ళీ చేయండి.

నేను చూసిన ఒక తోటలో ఈ పరీక్షే దారి చూపింది. నల్ల ప్లాస్టిక్ పరచి, ఎండాకాలం మొదట్లో నిరోధక టమాట నాటారు. పూత దశకే వేర్లు ముద్దకట్టాయి. విత్తనం నకిలీదని తోట యజమాని గట్టి నమ్మకం. కుండీల్లో అదే విత్తనం శుభ్రంగా వచ్చింది, పక్కన పాత రకం వేర్లు గుర్తుపట్టలేనంత ఉబ్బాయి. తోటలో ప్లాస్టిక్ కింద 12 సెంటీమీటర్ల లోతున మధ్యాహ్నం థర్మామీటరు గుచ్చితే 32 దాటింది. తర్వాతి పంటకు నాటే కాలాన్ని చల్లని నెలలకు జరిపి, నల్ల ప్లాస్టిక్ బదులు గడ్డి పరిచారు. అదే రకం, అదే మడి. వేర్లలో అక్కడక్కడ చిన్న ఉబ్బులు తప్ప గుడ్ల ముద్దలు కనబడలేదు. అయితే ఆ మధ్యలో ఒక సీజను నేలను వేరే పంటకు ఇచ్చారని కూడా చెప్పాలి. రెండూ కలిసి ఇచ్చిన ఫలితం అది, గడ్డి ఒక్కటే చేసింది కాదు.

రెండు టమాటాలకూ గుడ్ల ముద్దలతో సహా బుడిపెలు వస్తే, ఆ వేర్లను తడి కాగితంలో చుట్టి నులిపురుగుల ప్రయోగశాలకు పంపి జాతి నిర్ధారణ చేయించండి. అలవాటుపడ్డ ఇన్‌కాగ్నిటానా, ఎంటెరోలోబియైనా అన్నది కంటితో చెప్పలేం. ఏదైనా సరే, కొన్నేళ్ళు ఆ మడిలో ఎంఐ-1 టమాట ఆపేయాలి. మిరపలో నిరోధకతనిచ్చే జన్యువులు వేరు. టమాట జన్యువును దాటిన ఇన్‌కాగ్నిటా అంతమాత్రాన మిరప జన్యువును దాటలేదు. నిరోధక మిరప రకం దొరికితే కుండీలో పెట్టి చూసి వేయవచ్చు.

వేరుశనగ దగ్గరకు వద్దాం. ఇన్‌కాగ్నిటాకు వేరుశనగ తిండి కాదు. జావానికాలో ఎక్కువ భాగానికి కూడా కాదు. కానీ అరెనేరియాలో ఒక తెగ వేరుశనగను ఇష్టంగా తింటుంది, హాప్లా కూడా తింటుంది. మీకు చెప్పినవారి నేలలో మంచి ఫలితం వచ్చి ఉంటుంది, వారి నేలలో ఉన్నది ఇన్‌కాగ్నిటా అయి ఉంటుంది. మీ కుండీలోని వేరుశనగ మీ నేల గురించి చెబుతుంది. వేరుశనగ, అలసంద, జనుము వేర్లను చూసేటప్పుడు మేలుచేసే నత్రజని బుడిపెలను చూసి భయపడవద్దు. అవి వేరుకు పక్కన అతికించినట్టుంటాయి, గోటితో గీరితే ఊడివస్తాయి, కోస్తే లోపల గులాబీరంగు. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బడం, గీరితే ఊడదు.

మొక్కజొన్నతో మాత్రం కళ్ళను నమ్మకండి. మొక్కజొన్న వేరుకు బుడిపె కనబడకపోయినా లోపల ఇన్‌కాగ్నిటా గుడ్లు పెట్టగలదు. పైరు ఏపుగా ఉంటుంది, వేరు శుభ్రంగా కనిపిస్తుంది, తర్వాతి టమాట కూలిపోతుంది. కుండీలో మొక్కజొన్నో జొన్నో పరీక్షిస్తే, నెలన్నర తర్వాత దాన్ని కోసేసి అదే మట్టిలో దోస గింజ వేయండి. దోస వేరు మూడు నాలుగు వారాల్లోనే స్పష్టంగా బుడిపెలు చూపిస్తుంది. ఆ పంట వేయని అదే మడి మట్టిలో వేసిన దోసతో పోల్చుకుంటే ఆ పంట పురుగును తగ్గించిందో పెంచిందో తెలుస్తుంది. జొన్నలో రకానికీ రకానికీ తేడా ఉంటుంది కాబట్టి మీరు వేయబోయే రకాన్నే పరీక్షించాలి.

బంతి బాగా పనిచేస్తుంది, అయితే చాలామంది వేసే తీరులో కాదు. టమాట చుట్టూ గట్ల మీద ఒక వరుస బంతి నాటితే మడిలోని పురుగుకు ఏమీ కాదు. బంతి వేరులో తయారయ్యే ఆల్ఫా-టెర్థైనిల్ బతికున్న వేరు దగ్గరికి వచ్చిన పురుగును చంపుతుంది, దూరంగా ఉన్నదాన్ని కాదు. అందుకే టమాటకు ముందు, మడి అంతా దట్టంగా, రెండు మూడు నెలలు బంతి ఉండాలి. చిన్నపూల బంతి రకాలు సాధారణంగా నమ్మదగినవి. జనుము కూడా ఇదే పద్ధతిలో, దట్టంగా వేసి, పూత దశలో కలియదున్నవచ్చు.

ఏ మార్పిడి పంట వేసినా కలుపు ఉంటే అంతా వృథా. తుంగ, కామంచి, గంగపాయల వేర్లలో పురుగు హాయిగా బతుకుతుంది. వేరుశనగ మధ్య అవి నిలిస్తే నేలకు మీరు వేరుశనగ వేసినట్టు కాదు. కొన్ని కలుపు మొక్కలు పీకి, కడిగి చూడండి, పురుగు ఎక్కడ దాక్కుందో మీకే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ మడికి నా సలహా ఇది. ఈ పంట చివరి కోత అయిన రోజే మొక్కలను వేర్లతో తవ్వి తీసి బయట కాల్చేయండి లేదా ఎండలో పూర్తిగా ఎండబెట్టండి. కాండం కోసి వేరు వదిలేస్తే, వేరు చచ్చేదాకా ఆడపురుగులు గుడ్లు పెడుతూనే ఉంటాయి. తీసే ముందే కుండీలకు మట్టి తీసుకోండి. ఎండలు బాగా ఉన్న కాలమైతే నేలను తిరగదున్ని రెండు మూడు వారాల తేడాతో మళ్ళీ దున్నండి, పై పొరలో బయటపడ్డ గుడ్లూ పిల్లలూ ఎండిపోతాయి. ఆ తర్వాత రెండు సీజన్లు కుండీలో శుభ్రంగా తేలిన పంటలే, మధ్యలో బెండ, వంగ, తీగజాతి ఏదీ లేకుండా. మూడో సీజనులో, కుండీలో మీ హైబ్రిడ్ గెలిచి ఉంటే, దాన్నే చల్లని కాలంలో నాటండి. నారు మాత్రం మీ మడి మట్టితో పెంచవద్దు. కొబ్బరిపీచు పొట్టుతో ట్రేల్లో పెంచండి, ట్రేలను నేల మీద కాక బల్ల మీద పెట్టండి. మడిలో వాడిన పార, నాగలి వేరే మడికి తీసుకెళ్ళే ముందు అంటిన మట్టిని కడిగేయండి. పురుగు తనంతట తాను ఏడాదికి నడిచే దూరం చాలా తక్కువ, మడి నుంచి మడికి దాన్ని మోసేది అంటుకున్న మట్టీ, పారే నీరూ, నారూ.

ఆ టమాట పంట సగంలో, మొక్క ఆరోగ్యంగా కనిపిస్తున్నా సరే, మడిలో నాలుగు మూలలా ఒక్కో మొక్క పీకి వేరు కడిగి గుడ్ల ముద్దల కోసం చూడండి. పైన ఆకు వాడేదాకా ఆగితే అప్పటికి రెండు తరాలు గడిచిపోయి ఉంటాయి.